ఏ పొర నుంచి ఏ అవయవం, ఎక్కడ తప్పితే ఏ లోపం: ఎంబ్రియాలజీ వైవా ప్రశ్నలు, జవాబులు

మొదటి సంవత్సరం పిల్లలకు: పొర పేరు చెప్పి ఆగిపోవద్దు. ఆ పొరలో ఏ పని ఆగిపోతే బిడ్డకు ఆ లోపం వచ్చిందో కూడా చెప్పండి. ఎగ్జామినర్ వినాలనుకునేది అదే.

1. స్ప్లీన్ ఏ పొర నుంచి వస్తుంది?
మీసోడర్మ్. పక్కనున్న లివర్, పాంక్రియాస్ ఎండోడర్మ్ నుంచి మొలుస్తాయి కదా అని దీన్నీ అందులో కలిపేయకండి.

2. అడ్రినల్ గ్రంథి?
కార్టెక్స్ మీసోడర్మ్, మెడుల్లా న్యూరల్ క్రెస్ట్.

3. పుట్టి 48 గంటలైనా బిడ్డకు మెకోనియం పోలేదు. పొట్ట ఉబ్బింది, పచ్చ వాంతులవుతున్నాయి. హిర్ష్‌ప్రంగ్ జబ్బని అనుమానం. ఇందులో తప్పు ఏ పొరది?
చాలామంది ఎండోడర్మ్ అనేస్తారు. పేగు లోపలి పొర ఎండోడర్మ్, కండరం స్ప్లాంక్నిక్ మీసోడర్మ్. ఇక్కడ ఆ రెండూ ఉన్నాయి. లేనివి గాంగ్లియాన్ కణాలు. అవి న్యూరల్ క్రెస్ట్ నుంచి బయల్దేరి పేగు వెంబడి పైనుంచి కిందికి వలస వస్తాయి. దారిలో ఆగిపోతే చివరన ఉన్న రెక్టమ్‌కు చేరవు. ఆ భాగం వదులు కాలేక ఇరుకుగా ఉండిపోతుంది, దాని పైభాగం ఉబ్బుతుంది. జబ్బు ఉన్నది ఇరుకు భాగంలోనే, ఉబ్బిన చోట కాదు. బయాప్సీ ఎక్కడ తీయాలని అడిగితే ఇది గుర్తుండాలి.

4. అనెన్‌సెఫలీకి, స్పైనా బైఫిడాకు తేడా ఏమిటి?
రెండూ న్యూరల్ ట్యూబ్ మూసుకోకపోవడం వల్లే వస్తాయి. ముందు న్యూరోపోర్ సుమారు 25వ రోజున, వెనకది సుమారు 28వ రోజున మూసుకోవాలి. ముందుది తెరిచి ఉంటే అనెన్‌సెఫలీ, వెనకది తెరిచి ఉంటే మైలోమెనింగోసీల్ లాంటి స్పైనా బైఫిడా. 28వ రోజంటే నెల తప్పి రెండు వారాలే. చాలామంది తల్లులు డాక్టర్ దగ్గరకు వచ్చేసరికే ఆ గడువు దాటిపోతుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు ఇవ్వాలి. ముందు బిడ్డకు ఈ లోపం ఉంటే 4 మిల్లీగ్రాములు.

5. పుట్టగానే నోట్లో నురగ, మొదటిసారి పాలు పట్టగానే దగ్గు, ఒళ్లు నీలంగా మారడం. ఏమై ఉంటుంది?
ట్రేకియో ఈసోఫేజియల్ ఫిస్టులా. ఫోర్‌గట్ ఎండోడర్మ్ నుంచి శ్వాసనాళం, అన్నవాహిక సరిగా విడిపోలేదు. ఎక్కువగా కనబడే రకంలో అన్నవాహిక పైముక్క మూసుకుపోయి, కింది ముక్క శ్వాసనాళంలో కలుస్తుంది. కడుపులో ఉన్నప్పుడు ఉమ్మనీరు మింగలేదు కాబట్టి పాలీహైడ్రామ్నియోస్.

6. రెండు కిడ్నీలూ ఏర్పడని బిడ్డ పుట్టాక శ్వాస అందక ఎందుకు చనిపోతుంది?
కిడ్నీ ఇంటర్మీడియట్ మీసోడర్మ్ నుంచి వస్తుంది. యురేటరిక్ బడ్ మొలవకపోయినా, మెటానెఫ్రిక్ బ్లాస్టిమాను చేరకపోయినా కిడ్నీ తయారవదు. మూత్రం లేకపోతే ఉమ్మనీరు తగ్గిపోతుంది. అది లేకుండా ఎండోడర్మ్ నుంచి మొలిచిన ఊపిరితిత్తులు పెరగలేవు. నొక్కుకుపోయిన ముఖం, వంకర పాదాలు కూడా ఉంటే పాటర్ సీక్వెన్స్ అనండి.