ఐతారం మ్యాచ్: టీం, కిట్, గ్రౌండ్ టైం

శనివారం, సాయంత్రం 6:40

శ్రీకాంత్:
అందరూ పూర్తిగ చదువుండ్రి. రేపు నవంబర్ 23, ఐతారం. మిర్యాలగూడ వాళ్ళతోని 25 ఓవర్ల మ్యాచ్. రెడ్ లెదర్ బాల్, మ్యాట్ వికెట్. ఎన్జీ కాలేజీ గ్రౌండ్ ఖాయమైంది, పర్మిషన్ తీసుకున్నం. తెల్ల డ్రెస్సే.

టైం:
6:00 – మ్యాట్ పని మీదున్న నలుగురు (శివ, సైదులు, లింగస్వామి, నేను)
6:30 – మిగిలినోళ్ళందరు. దారిల ఉన్నమంటే కాదు, గ్రౌండ్‌ల ఉండాలె
7:15 – టాస్
7:30 – ఫస్ట్ బాల్
9:20 వరకు ఫస్ట్ ఇన్నింగ్స్, 15 నిమిషాల బ్రేక్, 9:35కు సెకండ్ ఇన్నింగ్స్. 11:25కు అయిపోవాలె.

వాళ్ళ కెప్టెన్‌తోని మాట్లాడిన. ఏ టీం లేటైతే ఆ టీం బ్యాటింగ్‌ల 4 నిమిషాలకు ఒక ఓవర్ కట్. మనం 20 నిమిషాలు లేటైతే మనకు 20 ఓవర్లే, వాళ్ళకు 25. అందుకే టైం గురించి ఇంత గట్టిగ చెప్తున్న.

ప్లేయింగ్ 11, బ్యాటింగ్ ఆర్డర్ ప్రకారం:
1. నరేష్
2. ఖలీల్
3. సాయి
4. శ్రీకాంత్ (కెప్టెన్)
5. మహేష్ (కీపర్)
6. ప్రవీణ్
7. శివ
8. యాదగిరి
9. ఇమ్రాన్
10. సైదులు
11. నాగరాజు
12 లింగస్వామి, 13 వెంకట్. ఇద్దరు డ్రెస్ ఏసుకొనే రావాలె.

ఓపెనింగ్‌ల ఖలీల్‌ను పెట్టింది లెఫ్ట్ హ్యాండ్ అని. రైట్, లెఫ్ట్ ఉంటే వాళ్ళ కొత్త బాల్ బౌలర్‌కు లైన్ కుదరది. బౌలింగ్‌ల ఒక్కొక్కరికి 5 ఓవర్లే లిమిట్: సైదులు, ఇమ్రాన్, ప్రవీణ్, యాదగిరి, నాగరాజు. ఎవరికన్న దెబ్బలు పడితే శివ.

మ్యాట్ గురించి కొంచెం వివరంగ రాస్తున్న, పరిస్తేనే సగం మ్యాచ్. పొద్దుగాల మంచు పడుతుంది, నేల పైపొర తడిగ ఉంటది. ముందు రాళ్ళు, ఇసుక చీపురుతోని ఊడ్చాలె, తర్వాత రోలర్. ఒక్క కంకర రాయి కింద ఉన్నా బాల్ అక్కడ పడి ముఖం మీదికి లేస్తది. మ్యాట్‌ను ఒక కొస మేకులు కొట్టి, రెండో కొస నుంచి ముగ్గురు గుంజి పట్టుకుంటే ఒకరు కొట్టాలె. తర్వాతనే పక్కల మేకులు, రెండు ఫీట్లకు ఒకటి. పక్కలు ముందు కొడితే నడుమ మడత మిగులుతది. స్టంప్స్ నుంచి 6 మీటర్ల నుంచి 8 మీటర్ల దాక మడత అస్సలుండొద్దు, మీడియం పేసర్ బాల్ ఎక్కువగ పడేది అక్కడనే. మేకు తల మ్యాట్‌తో సమానంగ దిగాలె, లేకుంటే బౌలర్ షూ తగిలి పాదం మడుస్తది. 6 ఇంచుల మేకులు, సుత్తెలు 2, సైదులు తెస్తడు.

లైన్లు: స్టంప్స్ నుంచి పాపింగ్ క్రీజ్ 4 ఫీట్లు. సర్కిల్ 30 గజాలు, తాడు కొలిచి సున్నంతోని చుక్కలు పెడ్దాం. సున్నం బస్తా నాగరాజు.

స్పైకులు వద్దు. మ్యాట్ చినుగుతది, పైసలు మనమే కట్టాలె. రబ్బర్ స్టడ్స్ షూనే.

కిట్ బ్యాగ్ ప్రవీణ్ దగ్గర ఉంది. ప్యాడ్లు 4 జతలు, బ్యాటింగ్ గ్లోవ్స్ 5 జతలు (ఒకటి లెఫ్ట్ హ్యాండ్), హెల్మెట్లు 3, థై ప్యాడ్లు 3, స్టంప్స్ సెట్ 2, బెయిల్స్ 6. గార్డ్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలె, అడుక్కోవద్దు, ఇయ్యొద్దు. ప్రవీణ్, హెల్మెట్ల గ్రిల్ స్క్రూలు రాత్రే బిగించు. పీక్‌కు గ్రిల్‌కు మధ్యల పాత బాల్ పెట్టి చూడు. బాల్ దూరిందంటే ఆ హెల్మెట్ పక్కన పెట్టెయ్యి.

బాల్స్: మనం ఒకటి, వాళ్ళు ఒకటి కొత్తది. బాల్ పోతే దాదాపు అంతే వాడిన పాత బాల్ ఇయ్యాలె, కొత్తది కాదు. 5 ఓవర్లది, 10 ఓవర్లది, 15 ఓవర్లది ఒక్కొక్కటి నా దగ్గరున్నయి.

పైసలు తలకు 250, మొత్తం 3,250. మ్యాట్ కిరాయి, సున్నం, రోలింగ్ మన వంతు 900, ఎంపైర్లకు 700, బాల్ 650, టిఫిన్ 650, నీళ్ళు, అరటిపండ్లు, ఐస్ 250. మిగిలిన 100 మందుల డబ్బకు. మహేష్‌కు ఈ రాత్రే కొట్టుండ్రి.

చదివినోళ్ళు "కన్ఫర్మ్" అని పెట్టుండ్రి. తమ్స్ అప్ లెక్కకు రాదు.

6:52
నరేష్: కన్ఫర్మ్ అన్నా. పైసలు కొట్టిన.

6:55
సాయి: కన్ఫర్మ్. అన్నా, నా కొత్త బ్యాట్ ఇంకా నాకింగ్ పూర్తి కాలె. నంబర్ త్రీల కొత్త బాల్ ఎదురైతే?

శ్రీకాంత్: కొత్త బ్యాట్ వద్దు సాయి. అంచు మీద కొత్త బాల్ తగిలితే పగులుతది. పాతదే తే. నాకింగ్ అయినంక వచ్చే వారం నుంచి వాడుకో.

7:03
ఇమ్రాన్: కన్ఫర్మ్ భాయ్. నకిరేకల్ నుంచి బండి మీద 5:30కు బయలెల్తా. పొగమంచుంటే మెల్లగ వస్తా, అయినా 6:30 లోపలనే ఉంటా.

శ్రీకాంత్: మంచు ఎక్కువుంటే 5:15కే ఎల్లు ఇమ్రాన్. స్పీడ్ వద్దు.

7:10
మహేష్: కన్ఫర్మ్. పైసలు 4 మందివి వచ్చినయి. నా కీపింగ్ ఇన్నర్స్ చినిగినయి. ఎవరి దగ్గరన్న ఉన్నయా?

లింగస్వామి: నా దగ్గర ఒక జత ఉంది అన్నా, తెస్తా. కన్ఫర్మ్.

7:24
యాదగిరి: శ్రీకాంతన్నా, నా చూపుడు వేలు చర్మం పగిలింది. బాల్ తిప్పుతె నొప్పి. 5 ఓవర్లు కష్టమే. ముందే చెప్తున్న.

శ్రీకాంత్: మంచి పని చేసినవ్ యాదగిరన్నా, రేపు టాస్ ముందు చెప్తే ఇబ్బందయ్యేది. మ్యాట్ మీద స్పిన్నర్‌కు టర్న్, బౌన్స్ రెండూ దొరుకుతయి, రెండో స్పిన్నర్ లేకుండ ఆడలేం. వెంకట్, నువ్వు 11ల వస్తున్నవ్. లెఫ్ట్ ఆర్మ్ స్పిన్, 5 ఓవర్లు నీయి. యాదగిరన్నా, నువ్వు 12, స్కోరింగ్ చూసుకో. వేలికి టేప్ ఏసుకొని రా.

7:27
వెంకట్: కన్ఫర్మ్ అన్నా. ఏ నంబర్‌ల బ్యాటింగ్?

శ్రీకాంత్: 8. ఇమ్రాన్ 9, సైదులు 10, నాగరాజు 11 అట్లనే. లింగస్వామి 13. టాస్‌కు ముందే క్రిక్‌హీరోస్‌ల ఈ 11 ఎక్కియ్యి యాదగిరన్నా, ఒకసారి మ్యాచ్ మొదలైతే పేర్లు మార్చుడు పంచాయితీ.

7:41
ఖలీల్: అన్నా రాత్రి డ్యూటీ ఉంది. 6కు దిగుతా, 6:45 అయితది. సరేనా?

శ్రీకాంత్: సరే ఖలీల్. డ్రెస్ బ్యాగ్‌ల పెట్టుకొని డైరెక్ట్‌గ రా. టాస్ గెలిచి మ్యాట్ తడిగ ఉంటే ముందు బౌలింగ్ ఏస్తం. ఏం తినకుండ ఫీల్డింగ్‌కు దిగొద్దు, దారిల ఏదన్న తిను.

8:05
ప్రవీణ్: కన్ఫర్మ్. రెండు హెల్మెట్లు బాగున్నయి. మూడోదాంట్ల బాల్ దూరుతుంది అన్నా, స్క్రూ అరిగిపోయింది.

శ్రీకాంత్: పక్కన పెట్టు. నా సొంతది తెస్తా. మూడు కావాలె, ఇద్దరు బ్యాట్స్‌మెన్, వికెట్ దగ్గర నిలబడితే మహేష్‌కు ఒకటి.

8:12
సైదులు: కన్ఫర్మ్ అన్నా. మేకులు, సుత్తెలు బండిల ఏసిన. బౌలింగ్‌కు తువ్వాల తెస్తున్న, మంచుకు బాల్ జారుతది.

శివ: కన్ఫర్మ్. గేటు 5:45కు తీయిస్తా.

8:30
శ్రీకాంత్: నాగరాజు ఒక్కడే మిగిలిండు. సున్నం లేకపోతే సర్కిల్, క్రీజ్ రెండూ ఆగుతయి. ఎవరన్న ఫోన్ చెయ్యుండ్రి.

8:44
నాగరాజు: కన్ఫర్మ్ అన్నా, ఫోన్ చార్జింగ్‌ల ఉండె. సున్నం తెచ్చిన. కొలత తాడుకు 30 గజాల కాడ ముడి ఏసిన. 6:15కు అక్కడుంటా.