విభాగం 4: రసాయనాల నిల్వ, ఒలికినప్పుడు చేయాల్సిన పనులు

ఈ విభాగం బి.ఎస్సీ. కెమిస్ట్రీ విద్యార్థులందరికీ. మొదటి ప్రాక్టికల్‌కి వచ్చేలోపు చదివి, రికార్డు మొదటి పేజీలో "చదివాను" అని రాసి సంతకం చేయండి. ఆ సంతకం లేని రికార్డును మేం దిద్దం.

4.1 ఏ సీసా ఎక్కడ

మన స్టోర్ గదిలో సీసాలు అక్షరక్రమంలో ఉండవు. ఏటా ఎవరో ఒకరు మంచి మనసుతో వాటిని సర్దడానికి పూనుకుంటారు. దయచేసి ఆ పని పెట్టుకోకండి. ఇంగ్లిష్ అక్షరాల వరసలో పెడితే నైట్రిక్ యాసిడ్ పక్కకి నైట్రోబెంజీన్ వస్తుంది. ఆ రెండూ కలిస్తే పేలే మిశ్రమం తయారవుతుంది. అందుకే ఇక్కడ వరస పేరును బట్టి కాదు, గుణాన్ని బట్టి.

ఎసిటోన్, ఆల్కహాల్, ఈథర్, ఇథైల్ ఎసిటేట్ లాంటి మండే ద్రవాలు ఇనప బీరువాలో ఉంటాయి. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ కూడా అక్కడే. పేరులో యాసిడ్ ఉన్నా అది మండుతుంది. గాఢ యాసిడ్లు కింది అరలో ప్లాస్టిక్ ట్రేలలో ఉంటాయి, నైట్రిక్‌కి మాత్రం విడిగా ఒక ట్రే. అమ్మోనియా ఎదురు గోడ దగ్గర. సీసాల మీద తెల్లటి పొడి పొర కనిపిస్తే, హైడ్రోక్లోరిక్ ఆవిరి, అమ్మోనియా ఆవిరి కలిసి అమ్మోనియం క్లోరైడ్ అయిందని అర్థం. ఎక్కడో మూత సరిగా పడలేదు. తుడిచేసి ఊరుకోకుండా చెప్పండి.

పర్మాంగనేట్, డైక్రోమేట్, నైట్రేట్లకు వేరే అర ఉంది. గ్లిజరిన్, పంచదార, గంధకం ఆ అర దరిదాపులకు రాకూడదు. పర్మాంగనేట్ మీద నాలుగు చుక్కల గ్లిజరిన్ పడితే కాసేపటికి దానంతట అదే అంటుకుంటుంది. ఆ కాసేపట్లోనే చాలామంది "ఏం కాలేదులే" అనుకుని పక్కకి వెళ్లిపోతారు.

ద్రవాల సీసా ఏదీ మీ కంటి ఎత్తుకన్నా పైన పెట్టకండి. రెండున్నర లీటర్ల సీసాని మెడ పట్టుకుని మోయకూడదు. ఒక చెయ్యి అడుగున ఉండాలి, లేదా బకెట్‌లో పెట్టి తీసుకెళ్లాలి.

4.2 తేమ, వరద

మన కోనసీమ గాలిలో మూత తీసిన కాస్టిక్ సోడా గుళికలు చూస్తుండగానే చెమర్చి జారుడుగా అయిపోతాయి. ఫెర్రిక్ క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ కూడా అంతే. తూకం వేసుకోగానే మూత బిగించండి. కాస్టిక్ ద్రావణానికి గాజు బిరడా వాడకండి, పట్టేస్తుంది. నేను చదువుకునే రోజుల్లో ఒకతను అలా పట్టేసిన బిరడాని బెంచీ అంచుకి కొట్టి తీయబోయాడు. సీసా మెడ విరిగి ద్రావణం ముంజేతి మీద పడింది. బిరడా రాకపోతే సీసాని అటెండర్ గారికి ఇచ్చేయండి.

తేమకి మొదట పోయేది లేబులే. రసాయనం పేరు, గాఢత, తేదీ, మీ పేరు బాల్ పెన్నుతో రాసి, దాని మీద సెలోటేపు అంటించండి. లేబుల్ చెరిగిన సీసాని వాసన చూసి పోల్చుకోవాలని ప్రయత్నించవద్దు. ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్ల బాటిల్‌లో రసాయనం పోస్తే ఆ రోజు ప్రాక్టికల్ అక్కడితో ఆఖరు.

మన ల్యాబ్ కింది అంతస్తులో ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులు, ప్రకటించిన రోజే కింది అరల్లోని సీసాలన్నీ మేడ మీదికి మారుస్తాం. ఇక్కడ ఎండ కాస్తోందని తాత్సారం చేయం. మనకొచ్చే వరద పైనుంచి దిగేది. కిరోసిన్‌లో ఉంచిన సోడియం ముందు, యాసిడ్లు తర్వాత. ఈ పని స్టాఫ్‌ది. మీ సాయం కావాలంటే పిలుస్తాం.

4.3 ఒలికితే

ముందు గట్టిగా అరవండి. "సార్, యాసిడ్ ఒలికింది" అంటే చాలు. ఎవరూ తిట్టరు. ఎవరూ చూడకుండా రుమాలుతో తుడిచేస్తే మాత్రం తిడతాం.

నేల కన్నా మనిషి ముఖ్యం. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు విప్పేసి, కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. సిగ్గుపడే సమయం కాదది, చుట్టూ ఉన్నవాళ్లు బయటికి వెళ్లిపోవాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విప్పి పట్టి, అలాగే 15 నిమిషాలు కడగాలి. మధ్యలో ఆపి అద్దంలో చూసుకోవద్దు. కొబ్బరినూనె, పసుపు, టూత్‌పేస్టు ఏదీ రాయకూడదు. యాసిడ్ కదా అని చర్మం మీద వంటసోడా రుద్దకూడదు. ఫినాల్ పడిన చోటు తెల్లబడి మొద్దుబారుతుంది, నొప్పి లేదని వదిలేయకండి. కడుగుతూ ఉండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

కరెంటు పోతే ట్యాంకులోకి నీళ్లు ఎక్కవు. అందుకే ప్రతి ప్రాక్టికల్‌కి ముందు మొదటి బ్యాచ్ లీడర్ కుళాయి తిప్పి చూడాలి. తలుపు పక్కన ఉండే రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు నిండుగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

యాసిడ్ కొద్దిగా, అంటే ఒక చిన్న బీకరు మేర ఒలికితే, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని చుట్టూ పొడి ఇసకతో కట్ట కట్టండి. తర్వాత అంచుల నుంచి మధ్యకి వంటసోడా కొంచెం కొంచెంగా చల్లండి. బుసబుస ఆగేదాకా చల్లి, ప్లాస్టిక్ చేటలోకి ఎత్తండి. గాఢ సల్ఫ్యూరిక్ మీద ముందుగా నీళ్లు పోస్తే మరిగి చిందుతుంది. అంతకుమించి ఒలికితే, లేదా గోధుమరంగు పొగ వస్తే, అందరూ బయటికి. మిగతాది మేం చూసుకుంటాం.

ఇంకొక్క మాట. మన దగ్గర కొబ్బరి పొట్టుకి కొదవ లేదు, నీళ్లు బాగా పీలుస్తుందని అందరికీ తెలుసు. నైట్రిక్ యాసిడ్ మీద కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, గోనెసంచి ఏదీ వేయకండి. అంటుకోవచ్చు. అందుకే ఎర్ర బకెట్లలో గోదావరి ఇసక పెట్టాం. దాన్ని ఎండబెట్టి, జల్లించి, మూత పెట్టి ఉంచుతాం. సోడియం అంటుకుంటే ఆ పొడి ఇసక ఒక్కటే దిక్కు. తడి ఇసక వేస్తే మంట పెరుగుతుంది. నీళ్లు గానీ, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ వద్దు.

కాస్టిక్ ద్రావణం పడిన నేల సబ్బునీళ్లు పడినట్టు జారుతుంది, చూసుకుని నడవండి. ఇసకతో ఎత్తి, తర్వాత నీళ్లతో తుడిస్తే సరిపోతుంది.

ఈథర్, ఎసిటోన్ లాంటివి ఒలికితే బర్నర్లన్నీ ఆర్పి, కిటికీలు తెరిచి బయటికి నడవండి. ఫ్యాన్ స్విచ్ వేయొద్దు, వేసి ఉంటే ఆపొద్దు, ఎలా ఉన్నది అలాగే వదిలేయండి. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. మెయిన్ స్విచ్ వరండాలో ఉంది, దాన్ని అటెండర్ గారు ఆపుతారు.

థర్మామీటర్ పగిలి పాదరసం జారితే చీపురు ముట్టుకోకండి. చీపురు దాన్ని ఇంకా చిన్న గుళ్లుగా చేసి మూలమూలలకీ తోస్తుంది. గట్టి కాగితం ముక్కలతో గుళ్లని ఒకచోటికి చేర్చి, మూత ఉన్న సీసాలోకి ఎత్తాలి. పగుళ్లలో మిగిలిన దాని మీద గంధకం పొడి చల్లాలి.

4.4 ఎత్తినది ఎక్కడ వేయాలి

సింకులో కాదు. మన ల్యాబ్ మురుగు వీధి డ్రైనులోకి, అక్కడి నుంచి పంట కాలువలోకి పోతుంది. డైక్రోమేట్ టైట్రేషన్ మిగుళ్లు పసుపు లేబుల్ డబ్బాలో, సాల్వెంట్లు ఎర్ర లేబుల్ డబ్బాలో, పాదరసం విడి సీసాలో. తర్వాత తలుపు పక్కనున్న రిజిస్టరులో తేదీ, రసాయనం, ఎంత ఒలికింది, ఎలా ఒలికింది రాయండి. చెయ్యి జారిందంటే చెయ్యి జారిందనే రాయండి. దానికి మార్కులు తగ్గించం.