ఆర్డర్ చేసిన టీవీ ఒకటి, ఇంటికి వచ్చింది మరొకటి: మార్చి ఇవ్వాలని ఫిర్యాదు

హన్మకొండ,
18 నవంబర్ 2025

స్టోర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నవంబర్ 8న మీ వెబ్‌సైట్‌లో 55 అంగుళాల క్యూఎల్ఈడీ టీవీ ఆర్డర్ చేసి, రూ. 52,990 మొత్తం యూపీఐలో కట్టాను. 13న టీవీ వచ్చింది. అది నేను కొన్న మోడల్ కాదు.

ఆర్డర్ పేజీలో 120 హెర్ట్జ్ ప్యానెల్, నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులు, బ్లూటూత్ ఆడియో అని స్పష్టంగా ఉంది. వచ్చినది 60 హెర్ట్జ్ మామూలు ఎల్ఈడీ. పోర్టులు మూడే, బ్లూటూత్ అసలు లేదు. మా నాన్నగారికి వినికిడి తక్కువ. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆయన కూడా మాతో కూర్చుని వార్తలు చూస్తారనే బ్లూటూత్ ఉన్న మోడల్ వెతికి మరీ తీసుకున్నాను. అది లేకపోతే ఈ టీవీ మాకెందుకు?

డెలివరీ వాళ్లు పెట్టె దించి, సంతకం తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు ఫిటింగ్‌కు వచ్చిన టెక్నీషియన్ పెట్టె తెరవగానే, "మేడం, బిల్లులో ఉన్న మోడల్ ఇది కాదు" అన్నాడు. గోడకు బిగించవద్దని అక్కడే ఆపేశాం. పెట్టె మీద మీ డెలివరీ స్లిప్‌లో నేను కొన్న మోడల్ పేరే ఉంది. అంచు లేపి చూస్తే, దాని కిందున్న కంపెనీ స్టిక్కర్ మీద వేరే మోడల్ నంబరు ఉంది. టీవీ వెనుక ఉన్నదీ అదే. బిల్లులోని సీరియల్ నంబరుకీ దీనికీ పొంతన లేదు. రేపు రిపేరు వస్తే వారంటీ ఎవరిస్తారు?

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "రెండూ ఒకటే సిరీస్, చూడ్డానికి తేడా తెలియదు" అని చెప్పి, రూ. 3,000 వోచర్ ఇస్తామన్నారు. నాకు వోచర్ వద్దు. డబ్బు పూర్తిగా కట్టాను, కట్టిన డబ్బుకు తగిన వస్తువే కావాలి.

ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో, ఆర్డర్ చేసిన మోడల్‌నే మీ ఖర్చుతో పంపి, ఈ టీవీని వెనక్కి తీసుకెళ్లండి. ఆ మోడల్ స్టాకులో లేకపోతే రూ. 52,990 పూర్తిగా నా ఖాతాకు వేయండి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోబోమని అమ్మినవారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని కూడా వాటిలోనే ఉంది. మీ నుంచి పరిష్కారం రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

టీవీని, పెట్టెను, థర్మోకోల్‌తో సహా అలాగే ఉంచాం. మీ మనిషి వచ్చే ముందు రోజు ఫోన్ చేస్తే ఇంట్లో ఉంటాం.

ఇట్లు,
కె. సుజాత

జతపరచినవి: ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, యూపీఐ రసీదు, పెట్టె మీది స్టిక్కర్ల ఫోటోలు, టీవీ వెనుక భాగం ఫోటో.