వాడు అర్థమైందంటాడు, మరి మార్కులేంటి? (అడ్మిషన్ల రీలు స్క్రిప్టు)

[ఖాళీ క్లాసు గది. మేడమ్ బెంచీ మీద కూర్చుని నేరుగా మాట్లాడుతుంది. మ్యూజిక్ వద్దు.]

మేడమ్: అమ్మా, మీ వాడి లెక్కల నోట్సు తెరిచి చూశారా? అంతా ఇంగ్లీషే, నాకేం తెలుస్తుందిలే అని మూసేశారా?

అడ్మిషన్ల కోసం మా ట్యూషన్‌కొచ్చే అమ్మానాన్నల్లో చాలామంది మాట ఇదే. "మేం తెలుగు మీడియం మేడమ్. అర్థమైందా అంటే అయిందంటాడు. ప్రోగ్రెస్ కార్డు చూస్తే గుండె గుభేలుమంటోంది."

[నోట్సు మీద క్లోజప్. పెన్సిలు ఒక్కో లైను మీదుగా కదలాలి.]

ఇది 8వ తరగతి లెక్క. 2x + 3 = 11. పిల్లాడు 2x = 14, x = 7 అని వేశాడు. మూడుని అటువైపు తీసుకెళ్లాడు గానీ, ప్లస్సుని మైనస్ చెయ్యలేదు. చేసుంటే 2x = 8, x = 4 వచ్చేది.

దీన్ని మీరూ పట్టుకోవచ్చు. వాడి జవాబుని x ఉన్నచోట పెట్టించండి. ఏడు రెళ్లు పద్నాలుగు, మూడు కలిపితే పదిహేడు. రావాల్సింది పదకొండు. తప్పని తెలిసిపోయింది కదా? ఇంగ్లీషు ఎక్కడా అడ్డం రాలేదు.

వాడికి లెక్కలు రావని అనకండమ్మా. ఒక్క గుర్తు దగ్గర జారుతున్నాడు. అది ఇప్పుడు సరిచెయ్యకపోతే, టెన్త్‌లో వర్గ సమీకరణాల దగ్గర ఇంకా ఇబ్బంది పడతాడు.

[తల్లిదండ్రులు, మేడమ్ ఒకే బల్ల దగ్గర. మధ్యలో పరీక్ష పేపర్లు.]

మొదటి వారం ఫీజు లేదు. ఆ వారం కొత్త పాఠం మొదలుపెట్టం. కింది తరగతి పుస్తకాలు కూడా తీసి, ఎక్కడ ఆగాడో చూస్తాం. అది మీకు తెలుగులో చెబుతాం. తర్వాత ప్రతి శనివారం రండి, నోట్సు మీ ముందు పెడతాం. చీమకుర్తి క్వారీ డ్యూటీ దిగి వచ్చే నాన్నల కోసం రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాం. రాలేకపోతే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాం.

[గేటు దగ్గర. చీకటి పడుతోంది, లైటు వెలుగుతోంది.]

క్లాసు ఐదున్నర నుంచి ఏడున్నర. ఇంట్లోవాళ్లు వచ్చేదాకా ఆడపిల్లల్ని గేటు దాటనివ్వం. ఆలస్యమైతే ఒక్క ఫోన్ చెయ్యండి, పాప పక్కన నేనుంటాను.

ఫీజు నెలకు 800. ఏడాదిదంతా ఒకేసారి కట్టమని అడగం. పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చాక కడతామంటే, ఆ మాట ముందే చెప్పండి చాలు.

టెన్త్‌లో 600కి ఇన్ని మార్కులు తెప్పిస్తామని నేను మాటివ్వను. మిమ్మల్ని మాత్రం ఒకటి అడుగుతాను. పిల్లల ముందు పక్కింటివాళ్ల మార్కులు ఎత్తొద్దు. తిడతారన్న భయంతో తెలియనిది దాస్తారు. దాచిందాన్ని కనిపెట్టడానికి మాకు నెలలు పడుతుంది.

[స్క్రీన్ మీద అక్షరాలు]

ఒంగోలు, లాయర్‌పేట. 6 నుంచి 10వ తరగతి. గదికి 20 మందే. పోయినేడాది పరీక్ష పేపర్లు తీసుకుని సాయంత్రం రండి. ఫోన్ నంబరు బయోలో ఉంది.