వసంతకు, గోదావరి పటంతో పాటు

ప్రియమైన వసంతా,

నేను సునీతను. రాజమండ్రిలో పదో తరగతి వరకు మూడో బెంచీలో కిటికీ పక్కన నీతో కూర్చున్న సునీతను. ఈ నంబరు నాకు మీ పిన్నిగారు ఇచ్చారు. పోయిన నెల దేవీచౌక్ దగ్గర కూరలు కొంటూ ఆవిడ కనబడితే, నీకు అభ్యంతరం ఉండకపోతేనే ఇవ్వమని అడిగాను. దీన్ని నేను ఇంకెవరికీ ఇవ్వలేదు, మన బ్యాచ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టలేదు. అందులో చేరాలో లేదో నీ ఇష్టం, ఆ సంగతి నేను ఎత్తను.

ఇప్పుడు రాయడానికి కారణం ఒక కాగితం. అమ్మ ఇల్లు మారుతుంటే సాయం చేయడానికి వెళ్ళి, అటక మీది ట్రంకుపెట్టె దించి సర్దుతున్నాను. నా పాత సోషల్ నోటుపుస్తకంలో నాలుగు మడతలు వేసి దాచిన గోదావరి పటం దొరికింది. 2004 మార్చిలో పబ్లిక్ పరీక్షలకు ముందు, మ్యాప్ పాయింటింగ్‌లో నేను ప్రతిసారీ మార్కులు పోగొట్టుకుంటున్నానని నువ్వు నీలిసిరాతో గీసి ఇచ్చిన పటం అది. త్ర్యంబకం దగ్గర సన్నని గీతలా మొదలై, ధవళేశ్వరం దాటాక గౌతమిగా, వశిష్ఠగా విడిపోయేంత వరకు నీ చెయ్యి ఒక్కచోట కూడా తడబడలేదు. పైన 1465 కిలోమీటర్లు అని రాసి, దాని కింద రెండుసార్లు గీత కూడా గీశావు. సిరా కొంచెం వెలిసింది గానీ మంజీర, ఇంద్రావతి, శబరి అన్న పేర్లు ఇంకా స్పష్టంగా చదవవచ్చు.

ఏ ఉపనది ఏ ఒడ్డున కలుస్తుందో నాకు ఎప్పుడూ తారుమారయ్యేది కదా! ప్రాణం ఉండే గుండె ఎడమవైపు ఉంటుంది కనుక ప్రాణహిత ఎడమ ఒడ్డున కలుస్తుందని, అన్నం తినే చేతివైపు మంజీర అని నువ్వు పటం అంచున పెన్సిలుతో రాశావు. ఆ పరీక్షలో ఆ రెండూ సరిగ్గా గుర్తించాను. ఇప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న దానికి నదుల పాఠం చెబుతూ ఇదే గుర్తు చెప్పాను, ఎవరు నేర్పారని అడిగితే నీ పేరు చెప్పాను. అలా చాలా ఏళ్ళ తరువాత మా ఇంట్లో నీ పేరు వినబడింది, అప్పటి నుంచి నీకు రాయాలని అనిపిస్తూనే ఉంది.

మన మధ్య మాట ఆగిపోయింది నా వల్లనే. 2007లో వరంగల్ హాస్టలు నుంచి నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు రాయవలసిన వంతు నాది. అప్పుడు నాన్నగారికి ఒంట్లో బాగుండేది కాదు, ఆ తరువాత ఆలస్యమైందన్న మొహమాటంతో ఇంకా ఆలస్యం చేశాను. ఇది సంజాయిషీగా రాయడం లేదు, ఆ ఉత్తరం నాకు చేరిందనీ, నేను దాన్ని చాలాసార్లు చదువుకున్నాననీ నీకు తెలియాలని రాస్తున్నాను. నువ్వు కూడా ఈ ఏళ్ళన్నిటికీ లెక్క చెప్పనక్కరలేదు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అంటూ నేను ఏదీ అడగను, నువ్వు చెప్పాలనుకున్నప్పుడు మాత్రం సంతోషంగా వింటాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కాకినాడలో ఉంటున్నాను, ఒక సహకార బ్యాంకులో పనిచేస్తున్నాను, నెలకోసారి రాజమండ్రి వెళ్ళి అమ్మను చూసి వస్తాను. వెళ్ళినప్పుడల్లా సాయంత్రం కాసేపు కోటిలింగాల రేవులో కూర్చుంటాను. మనం పదో తరగతిలో ఉండగా 2003లో పుష్కరాలు వచ్చాయి, 2015లో మళ్ళీ వచ్చాయి, 2027లో మళ్ళీ వస్తున్నాయి. ఆ రోజుల్లో నువ్వు ఊరు రావడం జరిగితే, ఆ రద్దీలో కాకుండా ఏదో ఒక రోజు తీరికగా మా అమ్మ చేతి పులిహోర తిని వెళ్ళవచ్చు. రాకపోయినా నేను ఏమీ అనుకోను, పులిహోరకు పుష్కరాలే రానక్కరలేదు కూడా.

దీనికి వెంటనే జవాబు ఇవ్వాలని లేదు. తీరిక దొరికినప్పుడు ఒక్క మాట రాసినా చాలు, రాయాలనిపించకపోతే ఆ పటం నా దగ్గర భద్రంగా ఉందని తెలుసుకుంటే చాలు. నేను మళ్ళీ మళ్ళీ మెసేజ్ పెట్టి నిన్ను ఇబ్బంది పెట్టను.

పటం ఫోటో కింద పెట్టాను. పాపికొండల దగ్గర నువ్వు చిన్న పడవ బొమ్మ వేసి, అందులో ముగ్గురు మనుషులను కూర్చోబెట్టావు. రెండు జడలున్న ఇద్దరం మనమేనని పోల్చుకున్నాను. చుక్కాని దగ్గర గొడుగు పట్టుకుని కూర్చున్న మూడో మనిషి ఎవరో రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను, ఎంతకీ గుర్తు రావడం లేదు. నీకేమైనా గుర్తుందా?

నీ
సునీత