కలలోకి ఆయన వస్తున్నారని భయపడుతున్న చెల్లికి

రాజమండ్రి,
20 నవంబరు 2024

బుజ్జీ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. పక్కన మీ అత్తగారు ఉన్నారని నీ గొంతుని బట్టే తెలిసింది. అందుకే అప్పుడు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువుకో.

మరిదిగారు గుమ్మంలో నిలబడి "పద, వెళ్దాం" అన్నారనీ, నువ్వు చెప్పులు వేసుకుంటుండగా మెలకువ వచ్చేసిందనీ చెప్పావు. పోయినవాళ్ళు కలలోకి వచ్చి పిలిస్తే వెళ్ళకూడదనీ, వెళ్తే ఆ ఏడు గట్టెక్కరనీ ఎవరో నీ చెవిన వేశారు. అప్పటి నుంచి లైటు వేసుకుని పడుకుంటున్నావట. చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట అన్నావు: "అక్కా, భయం లేచాకే వేసింది. కలలో ఉన్నంతసేపూ ప్రాణం హాయిగా ఉంది." ఆ మాట కోసమే ఈ ఉత్తరం.

ముందు ఆ పిలుపు సంగతి చూద్దాం. కాపురం చేసినన్నాళ్ళూ నిన్ను గుమ్మంలో నిలబడి తొందరపెట్టిన మనిషి ఆయన. సినిమాకైనా పెళ్ళికైనా స్కూటర్ స్టార్ట్ చేసుకుని హారన్ కొడుతుండేవారు, నువ్వు లోపల ఇంకా కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉండేదానివి. మా ఇంటికి వచ్చినప్పుడూ అదే గొడవ. ఆ మనిషి కలలోకి వస్తే ఇంకేమంటారు చెప్పు? పోయిన మీ బావగారు కలలో నన్ను పిలిస్తే నేను ఎన్నోసార్లు వెళ్ళాను. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో ఆయన తోలే భద్రాచలం బస్సెక్కి, డ్రైవర్ సీటు వెనకాలే కూర్చున్నాను. నాకిప్పుడు అరవై ఆరు. నిక్షేపంలా ఉన్నాను.

నేను కూడా మొదట్లో చాలా భయపడ్డాను. నీకు చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. మీ బావగారికి కిడ్నీలు పోయాయి కదా. డయాలసిస్ మొదలుపెట్టాక రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టర్లు కొలిచి చెప్పారు. పాతికేళ్ళు ఎండలో బస్సు తోలిన మనిషి, పక్కన రెండు లీటర్ల నీళ్ళ సీసా లేకుండా స్టీరింగ్ పట్టుకోని మనిషి, "ఒక్క గుక్కెడే" అని చిన్నపిల్లాడిలా అడిగేవారు. నేను గ్లాసు దాచేసేదాన్ని. ఐసు ముక్క నోట్లో పెట్టేదాన్ని. 2016లో ఆయన పోయాక నాకు వచ్చిన మొదటి కలలన్నీ అవే. ఆస్పత్రి వరండా, చివర్న ఆయన మంచం, "నీళ్ళే" అనే కేక. నేను వంటింట్లో గ్లాసు కోసం వెతుకుతుంటాను. చెయ్యి పెట్టిన చోటల్లా స్టీలు పళ్ళేలే, ఒక్క గ్లాసూ దొరకదు. లేచేసరికి నా నాలుక పిడచకట్టుకుపోయి ఉండేది.

ఆ మాట నోరుజారి ఒకావిడ దగ్గర అన్నాను. అంతే, ఆత్మకి దాహం తీరలేదనీ శాంతి చేయించాలనీ చెప్పి ఒక మనిషిని ఇంటికే తీసుకొచ్చింది. ఆయన చెప్పిన డబ్బు వింటే నా రెండు నెలల పెన్షన్. బుజ్జీ, నీ దగ్గరికీ ఇలాంటివాళ్ళు వస్తారు. దుఃఖంలో ఉన్న ఇల్లు వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. పైసా ఇవ్వకు. ఆబ్దికం నాడు మా పెద్దాడు కోటిలింగాల రేవులో మొలలోతు నీళ్ళలో నిలబడి, నువ్వులు కలిపిన నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి వదిలాడు. మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. గోదావరి అంత నీరు కళ్ళ ముందుంది, వాడి దోసిట్లోంచి జారుతున్న ఆ కాసిని నీళ్ళు చూసి ఏడ్చినంతగా ఆయన పోయిన రోజున కూడా ఏడవలేదు. మనసు తేలికపడింది. మరిదిగారికి మీ అబ్బాయి చెయ్యాల్సినవి చెయ్యనీ, నువ్వూ వెళ్ళి చూడు. అయితే ఆ మర్నాటి నుంచి కల ఆగిపోయిందని చెప్తే అబద్ధమవుతుంది. ఇంకా చాన్నాళ్ళు వచ్చింది.

ఇంకో కల ఉండేది. అందులో నేను పెద్ద బొట్టుతో, చేతినిండా గాజులతో తిరుగుతూ ఉండేదాన్ని. ఆయన ఖాకీ చొక్కా విప్పి మేకుకి తగిలిస్తూ "అన్నం పెట్టు" అనేవారు. మెలకువ వచ్చిన క్షణంలో పక్కకి చెయ్యి వేస్తే దుప్పటి చల్లగా తగిలేది. వెంటనే చెయ్యి నుదుటి మీదికి పోయేది. ఖాళీ. నాకు ప్రతి తెల్లవారుజామునా ఆయన కొత్తగా పోయేవారు. ఆ లేచిన క్షణమే అన్నిటికన్నా కష్టం, నీకు వేరే చెప్పక్కర్లేదు. పదో రోజున మన వాళ్ళు చేసిన ఆ పని నేను ఇప్పటికీ మరిచిపోలేను. వీరేశలింగం పంతులుగారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిన ఊళ్ళో కాపురముంటూ, తోటి ఆడవాళ్ళే నా గాజులు చిదిపారు. ఏడాది తిరక్కుండానే నేను మళ్ళీ బొట్టు పెట్టుకున్నాను. పుట్టినప్పుడు అమ్మ పెట్టింది, ఆయన తెచ్చింది కాదు కదా తీసెయ్యడానికి. నువ్వూ పెట్టుకో. ఎవరేమన్నా అక్క పెట్టుకోమందని చెప్పు.

మా అమ్మాయి సైకాలజీ చదివింది కదా. ఒకసారి ధైర్యం చేసి దానికి ఇదంతా చెప్పాను. కలల్లోనే కాదు, పట్టపగలు కూడా గేటు చప్పుడైతే ఆయన వచ్చినట్టు అనిపిస్తోందనీ, పిచ్చెక్కుతోందేమోననీ అన్నాను. అది నవ్వలేదు. వేల్స్‌లో రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని స్వయంగా కలిసి మాట్లాడి, 1971లో రాశాడట. అందులో దాదాపు సగం మందికి పోయినవాళ్ళు పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, మాట వినిపించడమో జరిగింది. చాలామందికి దానివల్ల ఊరటే కలిగింది. కానీ ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదట. వేల్స్ ఎక్కడుందో నాకు తెలీదు గానీ, అక్కడి ఆడవాళ్ళు కూడా నాలాగే నోరు మూసుకుని కూర్చున్నారని తెలిసి ఎంత ధైర్యం వచ్చిందో! తెల్లవారుజాము కల నిజమవుతుందని మనవాళ్ళు అంటారే, దాని సంగతి కూడా అడిగాను. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర తెల్లవారేవైపే ఎక్కువసేపు ఉంటుందట. అప్పుడే మెలకువ వస్తుంది గనక బాగా గుర్తుంటాయి. నువ్వు నాలుగున్నరకి ఉలిక్కిపడి లేవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్ళ కల ఎప్పుడు మారిందో తేదీ చెప్పలేను. ఒక రాత్రి ఆయన మంచం మీద లేరు. మన పాత ఇంటి నూతి దగ్గర ఉన్నారు. బానకడుపు లేదు, కాళ్ళవాపు లేదు, పెళ్ళయిన కొత్తల్లో మనిషిలా ఉన్నారు. చేద లాగి, చెంబు పైకెత్తి గటగటా తాగుతున్నారు. గొంతులో ముడి కిందికీ పైకీ ఆడుతోంది, నీళ్ళు గడ్డం మీంచి బనీను మీద పడుతున్నాయి. నేను లెక్కపెట్టలేదు. ఆపమనలేదు. తాగి తాగి చెంబు బోర్లించి, చేత్తో మూతి తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేశారు. స్టీరింగ్ పట్టి పట్టి కాయకాసిన అరచెయ్యి. ఆ గరుకు తగిలింది బుజ్జీ, నిజంగా తగిలింది.

అప్పుడు కలలోనే నాకు జ్ఞాపకం వచ్చింది. "మీరు పోయారు కదండీ" అన్నాను. అప్పటిదాకా ఏ కలలోనూ ఆ మాట నా నోట రాలేదు. తెలిసినా దాచేదాన్ని, అంటే మాయమైపోతారేమోనని. ఆయన ఏమీ అనుకోలేదు. "అవునే, తెలుసుగా" అన్నారు, డ్యూటీ టైము చెప్పినట్టు. చేద మళ్ళీ నూతిలో వదిలారు.

ఆ రోజు లేచి పక్కకి చెయ్యి వెయ్యలేదు. ఏడుపు వచ్చింది గానీ గుండె బరువెక్కలేదు. పోయారన్న మాటని పగలు ఎంతమంది నాకు చెప్పారో! తల ఊపేదాన్ని, లోపలికి మాత్రం రానిచ్చేదాన్ని కాదు. కల నన్ను ఆ మాట అనిపించింది. అప్పటి నుంచే ఆయన ఖాకీ చొక్కాలు తీసి ఇవ్వగలిగాను. ఒక్కటి మాత్రం ఉంచుకున్నాను. మంచానికి ఆయన పడుకునే పక్కన పడుకోవడం మొదలుపెట్టాను. ఫ్యాను గాలి అటే బాగా తగుల్తుంది.

ఇప్పుడు ఎప్పుడో ఒకసారి వస్తారు. నెలల తరబడి రాకపోతే గొంతు మరిచిపోతానేమోనని దిగులుపడే రోజులు ఇంకా ఉన్నాయి. వచ్చినప్పుడు పెద్ద మాటలేమీ ఉండవు. తువ్వాలు ఎక్కడ పెట్టావంటారు, పులుసులో ఉప్పు తక్కువంటారు. మరిదిగారు రాకపోతే నువ్వు ఏదో తప్పు చేశావని అనుకోకు. ఎప్పుడైనా కోపంగా, జబ్బుగా కనిపించినా ఆయన అక్కడ అలా ఉన్నారని కాదు, నీ మనసు ఇంకా ఆస్పత్రిలోనే ఉందని. హాయిగా అనిపించిందని సిగ్గుపడకు. ఆయనతో నువ్వు హాయిగా బతికావు, కలలో అది గుర్తుకొస్తోంది, అంతే. కల చూసిన పొద్దున్న ఎవరికైనా చెప్పు. మీ అత్తగారికే చెప్పు. నీ కల వింటే ఆవిడ భయపడతారని అనుకుంటున్నావు. నాకేమో, కొడుకు ఎలా ఉన్నాడని అడుగుతారనిపిస్తోంది.

అయితే అన్నం సహించకపోయినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఆయన పిలుపుకి మేలుకుని కూడా వెళ్ళిపోవాలనిపించినా నా దగ్గర దాచకు. అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను. నాతో చెప్పలేకపోతే 14416కి చెయ్యి. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నేనే తీసుకెళ్తాను.

శనివారం రాత్రి గౌతమికి టికెట్ తీశాను. ఆదివారం పొద్దున్న లింగంపల్లిలో దిగుతాను, అబ్బాయిని స్టేషన్‌కి పంపించు. ఉసిరికాయ పచ్చడి తెస్తున్నాను, మీ అత్తగారికి కారం తగ్గించి వేరే సీసాలో పెట్టాను. పది రోజులు ఉంటాను. నీ గదిలోనే పడుకుంటాను, లైటు నీ ఇష్టం.

నీ అక్క