నది దాటి జరిగే కాన్పులు: సర్వే, ఇంటర్వ్యూలు రెండూ ఎందుకు
(పరిశోధన ప్రతిపాదన, అధ్యాయం 3లోని పద్ధతి సమర్థన, కమిటీ వ్యాఖ్యల తర్వాత తిరగరాసినది)

ఈ అధ్యయనం మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలోని తెలుగు మాట్లాడే కుటుంబాల గురించి. అడిగే ప్రశ్న ఇది: ఇక్కడి గర్భిణుల్లో కొందరు కాన్పుకు గోదావరి, ప్రాణహిత దాటి తెలంగాణ వైపు ఆసుపత్రులకు ఎందుకు వెళ్తారు, కొందరు ఎందుకు వెళ్లరు, వెళ్లొచ్చాక తల్లీబిడ్డల సంరక్షణ ఏమవుతుంది? మొదటి ముసాయిదా చూసిన కమిటీ, సర్వే ఒక్కటే చాలదా అని అడిగింది. చాలదు. ఇంటర్వ్యూలు ఒక్కటే పెట్టినా చాలవు. ఎందుకో కింద రాస్తున్నాను.

ముందు సర్వే లేకపోతే ఏం పోతుందో చూద్దాం. నది దాటి కన్న తల్లి ఇక్కడి ఆసుపత్రి కాన్పుల రిజిస్టరులో ఉండదు. అక్కడి రిజిస్టరులో ఉన్నా, చాలాసార్లు పుట్టింటి చిరునామాతో ఉంటుంది. అంటే ఏ ఒక్క రిజిస్టరు చూసినా ఎంతమంది దాటారో తేలదు. ఇంటింటికీ వెళ్లి, గత రెండేళ్లలో కాన్పయిన తల్లులను అడిగితేనే లెక్క దొరుకుతుంది. పైగా ఇంటర్వ్యూకి మనిషిని వెతుక్కుంటూ ఊళ్లోకి వెళ్తే ముందు ఎదురయ్యేది దాటి వెళ్లొచ్చిన వాళ్లే. వాళ్ల దగ్గర చెప్పడానికి కథ ఉంటుంది. వెళ్లాలనుకుని వెళ్లలేకపోయిన కోడలు ఇంట్లోంచి బయటికి రాదు. ఆమెను పట్టుకోవాలంటే ముందు జాబితా ఉండాలి.

నమూనా 20 ఊళ్లు, ఊరికి 16 మంది, మొత్తం 320 మంది తల్లులు. దాటే వాళ్ల శాతం ముందుగా తెలియదు కాబట్టి 50 అనుకుని, 95 శాతం విశ్వాసస్థాయితో 7 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే 196 మంది కావాలి. ఒకే ఊరి వాళ్లు ఒకేలా ఉండే అవకాశం ఉంది కనుక దాన్ని 1.5తో హెచ్చిస్తే 294. వంద మందిలో ఎనిమిది మంది దొరకరనుకుంటే 320. కాన్పు ఎటువైపు జరిగిందన్న దాన్ని ఫలితంగా తీసుకుని, ఊరిని లెక్కలోకి తెచ్చే లాజిస్టిక్ రిగ్రెషన్ చేస్తాను. పుట్టిల్లు ఏ వైపు, ఎన్నో కాన్పు, కార్డులో రాసిన ప్రమాద లక్షణాలు, ఆసుపత్రికి పట్టే సమయం, నిర్ణయం ఎవరిది అన్నవి వివరించే అంశాలు.

ఇక సర్వే ఎక్కడ ఆగిపోతుందంటే, 'ఎందుకు వెళ్లారు?' అన్న దగ్గర. ఆ ప్రశ్నకు ఇక్కడ మామూలుగా వచ్చే జవాబు 'అక్కడ మంచిగుంటది'. ప్రశ్నావళిలో అది 'సౌకర్యాలు మెరుగు' అన్న గడిలో పడిపోతుంది. కానీ ఆ మాటలో నాలుగైదు సంగతులు ఉండొచ్చు. నర్సు తెలుగులో మాట్లాడుతుంది. అమ్మ పక్కన ఉంటుంది. ఆపరేషన్ అవసరమైతే అక్కడే అయిపోతుంది. ఇక్కడైతే 200 కిలోమీటర్లకు పైగా ఉన్న గడ్చిరోలికి పంపుతారేమోనన్న టెన్షన్. లేదా తోటికోడలు అక్కడే కన్నది కాబట్టి, అంతే. వీటిలో ఏది ముందొచ్చింది, ఏది తర్వాత చెప్పుకున్న సమర్థన అన్నది టిక్కు పెట్టించి తెలుసుకునేది కాదు. తొమ్మిదో నెలలో ఎవరు ఏమన్నారు, బండి ఎవరు మాట్లాడారు, ఏ రోజు బయల్దేరారు అని వరసగా చెప్పించుకుంటేనే తెలుస్తుంది.

అలాగని ప్రతి ప్రశ్నకూ రెండు పద్ధతులూ అంటగట్టడం లేదు. బిడ్డకు టీకాలు సమయానికి పడ్డాయా అన్నది కార్డు చూసి రాసుకునే విషయం. దానికి ఇంటర్వ్యూ అక్కర్లేదు. ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఎన్నిసార్లు వచ్చిందన్నది లెక్క. కానీ బాలింత అవతలి ఒడ్డున పుట్టింట్లో ఉన్న ఆ ఆరు వారాల్లో ఈ ఊరి ఆశా, ఆ ఊరి ఆశా ఇద్దరిలో ఆమెను తన మనిషిగా ఎవరనుకున్నారన్నది లెక్క కాదు. ఈ అధ్యయనంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తున్నది ఇదే.

మిశ్రమ పద్ధతికి గ్రీన్, కరాసెల్లి, గ్రాహం 1989లో ఐదు ఉద్దేశాలు చెప్పారు. వాటిలో నాది ఒక పద్ధతి ఫలితాన్ని ఇంకోదానితో సరిచూసుకోవడం కాదు. ఒకటి తేల్చినదాన్ని మరొకటి విప్పి చెప్పడం. అందుకే సర్వే ముందు, ఇంటర్వ్యూలు తర్వాత జరిగే ఎక్స్‌ప్లనేటరీ సీక్వెన్షియల్ డిజైన్ ఎంచుకున్నాను. రెండూ ఒకేసారి చేస్తే మూడు నెలలు కలిసొచ్చేవి, కానీ ఎవరిని ఇంటర్వ్యూ చేయాలో సర్వే చెప్పే వీలుండేది కాదు.

రెండు పాయలూ మొదట కలిసేది ఇంటర్వ్యూకి మనుషులను ఎంచుకునే దగ్గరే. రిగ్రెషన్ ప్రకారం దాటే అవకాశం ఎక్కువున్నా ఇక్కడే కన్నవాళ్లు 8 మంది, అవకాశం తక్కువున్నా దాటినవాళ్లు 8 మంది. లెక్కకు తగ్గట్టే నడిచినవాళ్లు రెండు వైపులా నలుగురేసి. మొత్తం 24. లెక్కకు లొంగని వాళ్లకు ఎక్కువ చోటు కావాలనే ఇచ్చాను; నా అంశాల జాబితాలో ఏం తప్పిపోయిందో చెప్పగలిగేది వాళ్లే. ఇంటర్వ్యూ ప్రశ్నలు కూడా సర్వే ఫలితాలు చూశాకే ఖరారవుతాయి. రెండు దశల్లోనూ జనాభా ఒకటే, తెలుగు ఇళ్లే. మాడియా గిరిజన కుటుంబాల గురించి ఈ అధ్యయనం ఏమీ చెప్పదు.

రెండోసారి కలిసేది విశ్లేషణలో, జాయింట్ డిస్‌ప్లే పట్టికలో. ఒక వరస ఎలా ఉంటుందంటే: ఎడమ గడిలో 'పుట్టిల్లు తెలంగాణ వైపు ఉండటం' అన్న అంశానికి వచ్చిన ఆడ్స్ నిష్పత్తి, దాని విశ్వాస అవధి. మధ్య గడిలో అలాంటి తల్లులు చెప్పిన మాటలు, వాటికి ఎదురు చెప్పిన మాటలు కూడా. కుడి గడిలో రెండూ కలిపి చూస్తే తేలేది: పుట్టిల్లు లాగుతున్నది దూరం తగ్గించడం వల్లా, లేక కాన్పు ఖర్చు అమ్మానాన్నలే పెట్టుకోవాలన్న ఆనవాయితీ వల్లా? రెండోదే నిజమైతే ఇక్కడి ఆసుపత్రిలో ఒక డాక్టరును పెంచినంత మాత్రాన దాటేవాళ్లు తగ్గకపోవచ్చు. ఇలాంటి మాట ఏ ఒక్క గడీ చెప్పలేదు.

రెండూ పొసగకపోతే? ఉదాహరణకు ప్రయాణ సమయానికి ప్రభావం లేదని సర్వే చెప్పి, తల్లులందరూ దారి గురించే మాట్లాడొచ్చు. అప్పుడు ఏదో ఒకదాన్ని పక్కన పెట్టను. సమయాన్ని ఎలా కొలిచానో ముందు చూస్తాను. వేసవిలో గంట పట్టే దారి వానల్లో వాగు పొంగితే ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు. కాన్పు నెలను కలిపి లెక్క మళ్లీ చేయాలి. అప్పటికీ తేడా మిగిలితే ఇద్దరు ముగ్గురు తల్లుల దగ్గరికి తిరిగి వెళ్లి అడుగుతాను. ఆ తర్వాత కూడా పొసగకపోతే, పొసగలేదనే రాస్తాను, రెండు ఫలితాలూ ఒకే పేజీలో పెట్టి.

కమిటీ లేవనెత్తిన సమయం, ఖర్చుల సంగతి న్యాయమైనదే. సర్వేకు నాలుగు నెలలు, విశ్లేషణకు రెండు, ఇంటర్వ్యూలకు మూడు, కలిపి రాయడానికి మూడు అడుగుతున్నాను. మధ్యలో ఉన్న ఆ రెండు నెలలను కుదించమని మాత్రం అడగవద్దని మనవి. అవి పోతే ఇంటర్వ్యూలకు ఎవరిని పిలవాలో తెలియక మళ్లీ దొరికినవాళ్లనే పిలుస్తాను. డబ్బు సరిపోకపోతే ఊరికి 16 బదులు 12 మందితో సర్వే చేస్తాను. మొత్తం 240 అవుతుంది, అంచనాలో అటూ ఇటూ తేడా 8 శాతం దాటుతుంది. దాన్ని ఫలితాల అధ్యాయంలో చెప్తాను. 24 ఇంటర్వ్యూలు అలాగే ఉంటాయి.